వానలకు ముందే ఇంటి ఎర్తింగ్ చూసుకోండి

వాషింగ్ మెషీన్ మీద తడిచెయ్యి వేస్తే జిల్లుమంటోందంటే చాలామంది మెషీన్ పాడైందనుకుంటారు. ముందు అనుమానించాల్సింది ఎర్తింగ్‌ని. వాషింగ్ మెషీన్, కంప్యూటర్ లాంటి వాటి లోపల కరెంటులోని ఎలక్ట్రికల్ నాయిస్‌ని ఆపే ఒక ఫిల్టర్ ఉంటుంది. దాని కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ బాడీకి చేరుతూనే ఉంటుంది. ఎర్త్ వైరు బాగుంటే అది మనకు తెలియకుండానే భూమిలోకి పోతుంది. వైరు తెగితే బాడీ మీద 230లో సగం, అంటే దాదాపు 115 వోల్టులు నిలుస్తాయి. కరెంటు తక్కువ కాబట్టి చెయ్యి జిల్లుమనడంతో సరిపోతుంది. అదే మెషీన్‌లో రేపు వైరు ఇన్సులేషన్ పోయి ఫేజ్ నేరుగా బాడీకి తగిలిందనుకోండి, ఆ కరెంటు పోవడానికి ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి తప్ప దారి ఉండదు. వానాకాలంలో నేల, చెప్పులు, చేతులు అన్నీ తడే కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇంకో లక్షణం చాలామందిని తికమక పెడుతుంది. ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది, కానీ ఫ్రిజ్‌లో ఏ లోపమూ ఉండదు. గీజర్ ఆపగానే షాక్ కూడా పోతుంది. కారణం ఇదీ: ఇంట్లోని ఎర్త్ వైర్లన్నీ మెయిన్ బోర్డు దగ్గర ఒకచోట కలుస్తాయి. అక్కడి నుంచి బయట నేలలో పైపు పాతిన ఎర్త్ పిట్‌కి వెళ్లే వైరు ఊడిపోతే గీజర్‌లో లీకైన కరెంటు భూమిలోకి పోలేక, ఆ వైర్ల మీదుగా మిగతా వస్తువుల బాడీలన్నిటికీ పాకుతుంది. ఎక్కువసార్లు వైరు ఊడేది ఎర్త్ పిట్‌లో పైపుకి బిగించిన క్లాంప్ దగ్గరే. తుప్పుపట్టి బోల్టు వదులైపోతుంది. పిట్ మూత తీసి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది, కానీ మెయిన్ ఆపకుండా ఆ వైరు ముట్టుకోవద్దు.

సాకెట్‌లో చూడాలంటే మల్టీమీటర్ చాలు. ఏసీ వోల్టుల్లో 600 దగ్గర పెట్టి, పొడి చెప్పులు వేసుకుని, ప్రోబ్‌ల ప్లాస్టిక్ భాగమే పట్టుకోండి. ఇలాంటివి అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. త్రీ పిన్ సాకెట్‌లో పైన ఉండే పెద్ద రంధ్రం ఎర్త్. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 232 వచ్చిందనుకుందాం. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా సుమారు అంతే రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. అలా కాకుండా ఫేజ్–ఎర్త్ 120, న్యూట్రల్–ఎర్త్ 112 చూపిస్తే ఎర్త్ వైరు ఎక్కడో తెగిందని అర్థం.

ఇప్పుడు అదే లైన్‌లో ఇస్త్రీపెట్టె ఆన్ చేసి న్యూట్రల్–ఎర్త్ మళ్లీ చూడండి. మామూలుగా కాస్త పెరుగుతుంది. కదలకుండా సున్నా దగ్గరే ఉంటే, ఎర్త్ వైరు లేని సాకెట్‌లో ఎవరో న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న ముక్క వైరు కలిపారేమో సాకెట్ విప్పించి చూడాలి. ఇది మోసపూరితమైన పని. ఎప్పుడైనా ఆ న్యూట్రల్ తెగితే, స్విచ్ వేసి ఉన్న వస్తువు బాడీకి పూర్తి 230 వచ్చేస్తుంది.

మల్టీమీటర్‌లో అన్నీ సరిగ్గా వచ్చినా నిశ్చింతగా ఉండకండి. మీటర్ తీసుకునే కరెంటు నామమాత్రం కాబట్టి, పిట్ ఎండిపోయి నిరోధం వందల ఓమ్‌లకు చేరినా అది 230 దగ్గరే చూపిస్తుంది. అసలు నిరోధం తెలియాలంటే ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే ఎర్త్ టెస్టర్‌తో కొలిపించాలి. 5 ఓమ్‌లలోపు ఉంటే మంచిది. కొంతమంది ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూస్తారు. ఆ పని మీరు చేయొద్దు. ఎర్త్ తెగి ఉంటే బల్బు మీదుగా ఇంట్లోని బాడీలన్నిటికీ కరెంటు పాకుతుంది.

నిరోధం ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క వేద్దాం. గీజర్‌లో ఫేజ్ బాడీకి తగిలింది, ఎర్త్ దారి మొత్తం నిరోధం 20 ఓమ్‌లు. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. కరెంటు మితిమీరితే పడిపోయే 16 ఆంపియర్ల ఎంసీబీ దీనికి పడిపోదు. గీజర్ బాడీ ప్రమాదకరమైన వోల్టేజీతో అలాగే ఉండిపోతుంది. అదే లీకైన కరెంటును పసిగట్టి సప్లై ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఆ లీక్‌కి క్షణంలో ట్రిప్ అవుతుంది. ఎర్త్ అసలు లేకపోతే మాత్రం అది ట్రిప్ అయ్యేది మనిషి ముట్టుకుని, కరెంటు ఒంట్లోంచి పోయినప్పుడే.

ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి, వెంటనే పడిపోవాలి. అయితే ఆ బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీని మాత్రమే. ఎర్త్ వైరు పూర్తిగా ఊడి ఉన్న ఇంట్లో కూడా అది చక్కగా ట్రిప్ అవుతుంది.