కత్తిరి ఎండలకు ముందే: ముక్కే అలవాటు ఉన్న స్త్రీలు తీసుకోవలసిన జాగ్రత్తలు

చెన్నైలో మే 4వ తేదీ ప్రాంతంలో మొదలై దాదాపు నెలాఖరు వరకు సాగే కత్తిరి ఎండలలో, ఏళ్ల తరబడి మలబద్ధకంతో ముక్కుతూ వస్తున్న స్త్రీలకు రెండు కష్టాలు ఒకేసారి వస్తాయి. చెమట రూపంలో నీరు పోవడం వల్ల మలం గట్టిపడడం మొదటిది. కుళాయి నీరు తగ్గి లారీ నీళ్లు, క్యాన్ నీళ్లు మోయవలసి రావడం రెండవది. ఈ రెండింటిలోనూ శరీరం చేసే పని ఒక్కటే, ఊపిరి బిగపట్టి కడుపును గట్టి చేయడం. గర్భసంచి జారడం, గజ్జలోనో బొడ్డు దగ్గరో హెర్నియా రావడం వంటివి ఈ పనిని వేలసార్లు చేసిన ఫలితంగా నెమ్మదిగా బయటపడతాయి. అందుకని జాగ్రత్తలను ఎండలు ముదిరాక కాకుండా ఉగాది నాటికే, వీలైతే శివరాత్రి నాటికే మొదలుపెట్టాలి.

గుండెల నిండా గాలి పీల్చి, గొంతు మూసి ముక్కినప్పుడు పైనుంచి ఉదర వితానం కిందికి దిగుతుంది, చుట్టూ కడుపు కండరాలు బిగుస్తాయి. లోపల పెరిగిన ఒత్తిడి బయటికి పోయే దారి లేక, గోడలో బలహీనంగా ఉన్న చోటును వెతుక్కుంటుంది. గజ్జ, బొడ్డు, సిజేరియన్ లేదా గర్భసంచి ఆపరేషన్ నాటి కుట్ల మచ్చ అటువంటి చోట్లు, అక్కడ పేగు గాని కొవ్వు గాని ఉబికితే దానిని హెర్నియా అంటారు. స్త్రీలలో అన్నిటికన్నా ఎక్కువ భారం మోసేది అడుగు భాగం. మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని కింది నుంచి ఉయ్యాల గుడ్డలా మోసే కటి కండరాలూ వాటి పొరలూ సాధారణ కాన్పులో ఒకసారి బాగా సాగి ఉంటాయి. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గడంతో వాటి బిగువు ఇంకా తగ్గుతుంది. దాని మీద ప్రతి ఉదయం ముక్కడం తోడైతే కండరాలే కాక, వాటికి వెళ్లే నరాలు కూడా సాగి దెబ్బతినవచ్చు.

వెరికోస్ వీన్స్ సంగతి కొంచెం వేరు. ముక్కినప్పుడు కాళ్ల సిరలలో రక్తం పైకి వెళ్లలేక ఒత్తిడి పెరిగే మాట నిజమే గాని, వంశపారంపర్యం, కాన్పులు, గంటల తరబడి నిలబడి చేసే పని వాటికి అంతకన్నా పెద్ద కారణాలు. కాబట్టి కాళ్లలో ఉబ్బిన సిరలు ఉన్నవారు మలబద్ధకం తగ్గితే అవి మాయమవుతాయని ఆశించకూడదు. అవి ఉన్నవారు ముక్కడం మానాలి, అంతే. చీలమండ దగ్గర చర్మం నల్లబడడం, దురద, మానని పుండు కనిపిస్తే వైద్యుని చూడాలి. ఉబ్బిన సిర పగిలి రక్తం కారితే వెంటనే పడుకుని, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి.

గర్భసంచి జారడానికి, ముక్కడానికి మధ్య ఉన్న విషవలయం గురించి మాత్రం వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే చాలామంది దీనిని చెప్పుకోరు, అడిగేవారూ తక్కువే. కటి పొరలు సాగినప్పుడు మలాశయం ముందు గోడ యోని వైపుకు సంచిలా ఉబ్బవచ్చు, దానిని రెక్టోసీల్ అంటారు. అప్పుడు మలం కింది ద్వారం వైపు కాకుండా ఆ సంచిలోకి చేరి నిలిచిపోతుంది. మలం పూర్తిగా రాలేదన్న భావన మిగిలి మళ్లీ ముక్కుతారు, ముక్కిన కొద్దీ సంచి పెద్దదవుతుంది. యోని వెనుక గోడను వేలితో నొక్కితేగాని మలం రాని స్థితి ఉంటే అది రెక్టోసీల్‌కు బలమైన గుర్తు. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడేవారే ఎక్కువ, కాని వైద్యురాలికి రోగ నిర్ణయంలో అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విల్లివాక్కంలో లిఫ్టు లేని భవనంలో రెండవ అంతస్తులో ఉండే 54 ఏళ్ల గృహిణికి మూడు సాధారణ కాన్పులు అయ్యాయి, ముట్లుడిగి నాలుగేళ్లయింది. మూడు రోజులకొకసారి గట్టి ఉండలుగా మలం వస్తుంది, ప్రతిసారీ ఇరవై నిమిషాలు కూర్చుని ముక్కుతుంది. సాయంత్రానికి కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు ఉంటుంది, రాత్రి పడుకుంటే తగ్గుతుంది. మూత్రం చుక్కలుగా పడుతుందనే భయంతో నీళ్లు తాగడం తగ్గించింది. రక్తహీనతకు ఐరన్ మాత్ర, మోకాళ్ల నొప్పికి ట్రమడాల్ కలిసిన మాత్ర వాడుతోంది. వేసవి రాగానే లారీ దగ్గర నిండు బిందెలు పట్టి మెట్లెక్కుతుంది.

ఈమె విషయంలో చాలామంది మొదట ఇచ్చే సలహా పీచు పదార్థాలు ఎక్కువ తినమని. ఆ సలహాలో క్రమం తప్పింది. గట్టి మలం లోపల నిలిచి ఉండగా పీచు పెంచితే కడుపు ఉబ్బుతుంది, నొప్పి వస్తుంది, ముక్కడం ఇంకా ఎక్కువవుతుంది. ముందు వైద్యుల సలహాతో పాలిథిలీన్ గ్లైకాల్ పొడితోనో లాక్టులోజ్ సిరప్‌తోనో లోపలిది మెత్తబరచి ఖాళీ చేయాలి. లాక్టులోజ్ పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు కనుక మొదటి రాత్రే ఫలితం రాలేదని మోతాదు పెంచకూడదు. ఆ తరువాతే పీచు. ఐరన్, ట్రమడాల్ రెండూ మలాన్ని బిగిస్తాయి, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, కాల్షియం మాత్రలు కూడా అంతే. వీటిని తనంతట తాను మానకుండా, ఐరన్‌ను రోజు విడిచి రోజు తీసుకోవచ్చా, నొప్పికి మరో మందు ఉందా అని వైద్యులనే అడగాలి.

పీచు రోజుకు 25 నుంచి 30 గ్రాములు ఉండాలి. ఇడ్లీ, దోసె, పెరుగన్నం, ఊరగాయతో గడిచే వేసవి భోజనంలో అందులో సగం కూడా ఉండదు. రాగి లేదా సజ్జ అంబలి, చిక్కుడు, గోరుచిక్కుడు, అరటి దూట కూర, జామపండు చేర్చి రెండు వారాలలో కొద్దికొద్దిగా పెంచుకోవాలి. ఇసబ్గోల్ వాడేవారు ఒక చెంచా పొట్టును పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగి, పైన మరికొంత నీరు తాగాలి. నీరు చాలకపోతే అదే లోపల అడ్డుపడుతుంది. ఇతర మాత్రలకు రెండు గంటల ఎడం ఉంచాలి. నీళ్లు ఎన్ని తాగాలనే దానికి మూత్రం లేత పసుపులో ఉందా లేదా అని చూసుకోవడమే తేలిక, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యులు చెప్పిన కొలతకు కట్టుబడాలి. మూత్రం ఆగదనే భయంతో నీళ్లు మానేస్తే, మలం గట్టిపడి ముక్కడం పెరిగి మూత్రం ఆగకపోవడమే ఎక్కువవుతుంది.

దొడ్డికి వెళ్లే వేళ కూడా ముఖ్యమే. ఉదయం టిఫిను తిన్న పావుగంట, అరగంటలో పెద్ద పేగు సహజంగా కదులుతుంది, ఆ పిలుపును వంటపని కోసం వాయిదా వేస్తే అది ఆరిపోతుంది. వెస్టర్న్ కమోడ్ వాడేవారు కాళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కన్నా ఎత్తుగా ఉండేలా ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించాలి. కడుపును వదులుగా ముందుకు ఉబ్బనిచ్చి, నోరు కొద్దిగా తెరిచి ఊపిరి వదులుతూ నెట్టాలి. ఊపిరి బిగపట్టారంటే ముక్కుతున్నట్టే లెక్క. పది నిమిషాలలో రాకపోతే లేచి వచ్చేయాలి, ఇంకోసారి పిలుపు వచ్చినప్పుడు వెళ్లవచ్చు. ఇండియన్ టాయిలెట్‌లో గొంతుకూర్చోవడం ఆ భంగిమను సహజంగా ఇస్తుంది గాని, అక్కడా ఫోను పట్టుకుని కూర్చుంటే ఆ మేలంతా పోతుంది.

కటి కండరాల వ్యాయామానికి ఫలితం తెలియడానికి సుమారు మూడు నెలలు పడుతుంది, శివరాత్రి నుంచే అనడానికి కారణం అదే. అపాన వాయువును ఆపుకుంటున్నట్టు కండరాలను లోపలికి, పైకి లాగి అయిదు నుంచి పది సెకన్లు పట్టి ఉంచి, అంతసేపూ పూర్తిగా వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి. పట్టడంతో పాటు వదలడం నేర్చుకోవాలి, ఎందుకంటే మలబద్ధకం ఉన్న కొందరిలో నెట్టేటప్పుడే ఆ కండరాలు బిగుసుకుంటాయి. అటువంటివారు పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవడం మంచిది. వ్యాయామం తొలిదశలో బరువు, జారుతున్న భావన తగ్గిస్తుంది, బాగా బయటికి వచ్చిన గర్భసంచిని లోపలికి పంపదు. అంతవరకు వెళ్లినవారికి యోనిలో అమర్చే రింగు పెస్సరీ ఉంది, ఆపరేషనూ ఉంది. ఆపరేషన్ చేయించుకున్న తరువాత కూడా ముక్కడం మానకపోతే మళ్లీ జారే అవకాశం ఉంది. ఎగ్మూరులోని ప్రభుత్వ స్త్రీల, శిశువుల ఆసుపత్రిలో ఈ పరీక్షలు చేయించుకోవచ్చు.

ఇక నీళ్లు. 20 లీటర్ల క్యాను 20 కిలోల బరువు, దానిని ఒంటిచేత్తో వంచి ఎత్తడం ఈ సమస్య ఉన్నవారికి తగదు. క్యాను తెచ్చిన కుర్రవాడిచేతనే స్టాండు మీద పెట్టించుకోవాలి. లారీ నీళ్లను నిండు బిందె బదులు అయిదు లీటర్ల డబ్బాలలో రెండు చేతులకూ సమంగా పట్టుకుని, తిరిగే సార్లు పెంచడం మేలు. ఎత్తే ముందు కటి కండరాలను బిగించి, బరువును ఒంటికి దగ్గరగా ఉంచుకుని, ఎత్తుతూ ఊపిరి వదలాలి. విల్లివాక్కం గృహిణి మెట్లెక్కే నీళ్లను ఇంట్లోవాళ్లకు అప్పగించి, కింద నింపడం మాత్రం తాను చేసుకోవాలి. ఇన్ని చేసినా ఆమెకు కింద జారినది పూర్తిగా లోపలికి పోదు, సాయంత్రపు బరువు తగ్గి, ముక్కవలసిన అవసరం లేకుండా మలం రావడాన్ని మెరుగుదలగా లెక్కించాలి.

ప్రతి నెలా ఒకసారి నిలబడి దగ్గుతూ గజ్జలు, బొడ్డు, పాత కుట్ల చోటు చేత్తో తడిమి చూసుకోవాలి. వయసు మళ్లిన స్త్రీలలో గజ్జ మడతకు కాస్త కింద వచ్చే ఫెమోరల్ హెర్నియా చిన్నగా ఉండి కంటికి ఆనదు గాని, పేగు ఇరుక్కునే ప్రమాదం దానికే ఎక్కువ. నిలబడితే వచ్చి పడుకుంటే పోయే వాపు ఉంటే తొందరలోనే సర్జన్‌ను చూడాలి. ఆ వాపు గట్టిపడి లోపలికి పోకుండా నొప్పి పుట్టినా, వాంతులు అయినా, గాలి పోకపోయినా నొక్కి లోపలికి నెట్టే ప్రయత్నం చేయకూడదు, నీళ్లు, ఆహారం ఇవ్వకుండా 108కు ఫోను చేయాలి. యాభై దాటాక మలవిసర్జన తీరు కొత్తగా మారినా, మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా, దానిని పాత మలబద్ధకమే అనుకుని విరేచన మందుతో సరిపెట్టకుండా పెద్ద పేగు పరీక్ష చేయించుకోవాలి.