పెట్టె, స్క్రీన్, కెమెరా రింగ్: ఫోటోలు చూసి ఫోన్ సంగతి తేల్చడం

పోయిన నెలలో రాజోలు నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, పాలకొల్లులో ఒకాయన ఫోన్ అమ్ముతున్నాడు. వాళ్ల బావ కువైట్ నుంచి తెచ్చాడంట. పెట్టె విప్పి చూసి మళ్లీ అలాగే పెట్టేశారంట. 18,000 అంటున్నాడు. ఫోటోలు పంపిస్తాను, ఒకసారి చూసి చెప్పవా?" అదే మోడల్ షాపులో కొత్తది కొంటే 27,000. అన్నయ్య కూతురు భీమవరంలో ఇంజనీరింగ్‌లో చేరుతోంది. ఫోన్ ఆ పిల్ల కోసం.

అమలాపురంలో నాది రిపేరు షాపు. ఇలాంటి ఫోటోలు వారానికి రెండు మూడైనా వస్తాయి. వాటిలో నేను మొదట చూసేది ఒకటే: పెట్టె, స్క్రీన్, కెమెరా రింగ్, ఈ మూడింటి వయసూ ఒకటేనా? నిజంగా కొత్త ఫోన్ అయితే మూడూ కొత్తగా ఉంటాయి. నిజాయితీగా వాడిన ఫోన్ అయితే మూడూ ఒకేలా పాతబడతాయి. ఒకటి కొత్తగా, ఇంకొకటి పాతగా కనిపిస్తే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

ఫోటోలు చూసినా ఏమీ తేలడం లేదు

అన్నయ్య పంపిన మొదటి మూడు ఫోటోలూ నాకు పనికిరాలేదు. పెట్టె మీద చిన్న అక్షరాలు అలికేసినట్టున్నాయి. ఫోన్ వెనక ఫ్లాష్ పడి తెల్లటి మచ్చ వచ్చింది.

అక్షరాలు అలికినట్టు ఉండడానికి కారణం వాట్సాప్. ఫోటోను మామూలుగా పంపితే సైజు తగ్గించి పంపుతుంది. ముద్రణ నాసిగా ఉందో, ఫోటోయే చెడిందో అప్పుడు చెప్పలేం. అందుకని అమ్మేవాళ్లను ఫోటో డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. ఫ్లాష్ ఆపేసి, పగటిపూట కిటికీ పక్కన, వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడేలా తీయమనాలి. ఎదురు వెలుగులో గీతలు కనబడవు, పక్క వెలుగులో వెంట్రుకంత గీత కూడా నీడ వేస్తుంది.

ఇంకొక ఫోటో తప్పకుండా అడగండి. ఫోన్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ నంబర్లు, అంటే ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబర్లు, స్క్రీన్ మీదికి వస్తాయి. ఆ స్క్రీన్, పెట్టె మీది లేబుల్, ఆ రోజు తేదీ రాసిన చీటీ, మూడూ ఒకే ఫోటోలో ఉండాలి. విడివిడిగా తీసిన ఫోటోలైతే పెట్టె ఒక ఫోన్‌ది, స్క్రీన్ ఇంకో ఫోన్‌ది కావచ్చు.

పెట్టె బాగానే ఉంది, కానీ చెప్పే మాటతో కలవడం లేదు

మన దేశంలో అమ్మడానికి తయారైన పెట్టె మీద రూపాయల్లో ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఫిర్యాదుల ఫోన్ నంబరు ఉండాలి. ఇది తూనికలు కొలతల చట్టం పెట్టిన నియమం. ఇవి లేకపోతే చాలామంది వెంటనే నకిలీ అంటారు. మన కోనసీమలో ఆ మాట తొందరపాటు. గల్ఫ్ నుంచి ఎవరో ఒకరు ఫోన్ తెచ్చిన ఇల్లు ప్రతి వీధిలో ఉంటుంది, అక్కడ కొన్న పెట్టె మీద రూపాయలు ఎందుకుంటాయి? అది అసలైన ఫోనే కావచ్చు. కాకపోతే ఇక్కడ వారంటీ పనిచేస్తుందో లేదో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ముందే అడిగి తెలుసుకోవాలి.

అన్నయ్య విషయంలో తిరకాసు దీనికి సరిగ్గా తలకిందులు. డాక్యుమెంట్‌గా వచ్చిన ఫోటోలో ఎమ్మార్పీ రూపాయల్లో శుభ్రంగా కనబడింది. ముద్రణ పదునుగా ఉంది, పెట్టె అసలైనదే. అయితే కువైట్‌లో కొన్న ఫోన్‌కి ఇండియా పెట్టె ఎలా వచ్చింది? పైగా లేబుల్ ఫోటోలో ఐఎంఈఐ చివరి అంకెల మీద బొటనవేలు అడ్డం పెట్టారు.

అంకెలు దాచడం తప్పేమీ కాదు. నంబరు కాజేసి ఇంకో ఫోన్‌కి ఎక్కిస్తారన్న భయంతో మంచివాళ్లు కూడా దాస్తారు. కానీ స్క్రీన్ మీద ఒక చోట, పెట్టె మీద ఇంకో చోట దాస్తే పోల్చడం కుదరదు. నంబరు మొత్తం ఇవ్వడానికి ఇష్టపడితే టెలికాం శాఖ వారి సేవ ఉంది. 14422 కి ఇలా ఎస్సెమ్మెస్ పంపాలి (నంబరు నమూనా మాత్రమే):

```
KYM 490154203237518
```

ఆ నంబరు ఏ కంపెనీ, ఏ మోడల్ పేరు మీద ఉందో జవాబు వస్తుంది. బ్లాక్‌లిస్టులో ఉందని గానీ, డూప్లికేట్ అని గానీ, ఇప్పటికే వాడుకలో ఉందని గానీ వస్తే కొనొద్దని ఆ శాఖే చెబుతోంది. దీనికీ ఒక హద్దుంది. ఖాళీ పెట్టె మీది అసలు నంబరు పంపితే జవాబు చక్కగానే వస్తుంది, పక్కనున్న ఫోన్ దానిదే అని మాత్రం అది చెప్పదు. అందుకే పెట్టెనూ స్క్రీన్‌నూ ఒకే ఫోటోలో అడిగేది.

స్క్రీన్ కింద నల్లటి అంచు లావుగా ఉంది

అన్నయ్య అడిగిన మోడల్‌ది అమోలెడ్ స్క్రీన్, అంటే వెనక లైటు లేకుండా చుక్కలే వెలిగే రకం. ఫోటోలో కింది అంచు పై అంచు కంటే బాగా వెడల్పుగా కనిపించింది. కంపెనీ సైట్‌లో అదే మోడల్ బొమ్మ తెరిచి పక్కన పెట్టి చూశాను. తేడా కంటికి తెలిసిపోతోంది.

పగిలిన అమోలెడ్ స్క్రీన్‌కు ఒరిజినల్ కాంబో, అంటే డిస్‌ప్లే, టచ్ కలిసిన సెట్టు, ఖరీదు ఎక్కువ. అమ్మకానికి తయారుచేసేవాళ్లు దాని బదులు చవకైన ఎల్‌సీడీ కాపీ వేస్తారు. ఎల్‌సీడీకి వెనక బ్యాక్‌లైట్ పొర ఉండాలి, అందుకని అది మందంగా ఉండి ఫ్రేమ్ కంటే కాస్త పైకి లేస్తుంది. దాని వైరింగ్‌కి కింద చోటు కావాలి, అందుకే ఆ లావు అంచు.

దీన్ని ఖాయం చేసుకోవడానికి రెండు అడిగాను. ఒకటి, చీకటి గదిలో పూర్తి నలుపు బొమ్మ పెట్టి తీసిన ఫోటో. అమోలెడ్‌లో నలుపు దగ్గర చుక్కలు ఆరిపోతాయి కాబట్టి స్క్రీన్ అంచుల్లో కలిసిపోతుంది. ఎల్‌సీడీ అయితే వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, బూడిదరంగుగా తేలిపోతుంది. నలుపు మధ్యలో చిన్న తెల్ల చుక్క ఉండాలి. లేకపోతే తీసే కెమెరా చీకటిని వెలుగు చేయాలని చూసి, ఫోటో నమ్మడానికి లేకుండా పోతుంది. రెండోది, స్క్రీన్ కింద వేలిముద్ర పెట్టి లాక్ తీస్తున్న వీడియో. బ్యాక్‌లైట్ పొర అడ్డం ఉంటే ఆ సెన్సర్ పనిచేయదు.

నల్ల ఫోటోలో అంచులు నీలంగా మెరిశాయి. వేలిముద్ర గురించి "అప్‌డేట్ పెట్టాక పనిచేయడం లేదండి" అని జవాబొచ్చింది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరగకుండా చూసుకోండి. స్క్రీన్ ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు కనిపిస్తే అది లోపం కాకపోవచ్చు. అమోలెడ్ వెలుగు కంటికి తెలియనంత వేగంగా మిణుకుతుంది, కెమెరాకు అది చారల్లా పడుతుంది. అలాగే కాపీల్లో అమోలెడ్‌లాగే చుక్కలే వెలిగే ఓలెడ్‌వి కూడా వస్తున్నాయి, వాటికి నలుపు పరీక్ష ఇట్టే పాసవుతుంది. కాబట్టి నలుపు బాగుందని స్క్రీన్ ఒరిజినల్ అనుకోకూడదు.

వెనక వైపు కొత్తగా ఉంది, రింగ్ మాత్రం అరిగిపోయింది

నాకు అన్నిటికంటే నమ్మకమైన సాక్షి కెమెరా రింగే. ఫోన్‌ను బల్ల మీద పెట్టినప్పుడు ముందు తగిలేది ఉబ్బెత్తుగా ఉన్న ఆ రింగే. రోజుకు ఎన్నిసార్లు పెట్టి తీస్తామో, అన్నిసార్లూ దాని బయటి అంచు రాసుకుంటుంది. అల్యూమినియం మీది రంగు పొర పోయి కింద తెల్లటి లోహం తళుక్కుమంటుంది. పక్క వెలుగు ఫోటోలో ఇది దాగదు.

వెనక నిగనిగలాడుతూ రింగ్ అరిగి ఉంటే కారణం రెండింటిలో ఒకటి. కవర్ వేసి వాడి ఉండొచ్చు, లేదా బ్యాక్ ప్యానెల్ మార్చి ఉండొచ్చు. ఎంత వాడారో తేల్చడానికి ఛార్జింగ్ పిన్ దూరే రంధ్రం దగ్గర నుంచి తీసిన ఫోటో అడగండి. అక్కడ కవర్ కాపాడదు. కవర్ వేసి వాడిన ఫోన్‌లో రింగ్ మొదట్లో సన్నటి దుమ్ము గీత, ఛార్జింగ్ రంధ్రం చుట్టూ చిన్న గీతలు ఉంటాయి. వాటిని దాచకుండా యజమాని "రెండేళ్లు కవర్‌లో వాడాను" అని చెబితే ఆ ఫోన్ కొనొచ్చు. "విప్పి చూసి పెట్టేశాం" అన్నవాళ్ల ఫోన్‌కి మాత్రం ఆ గీతలు ఉండకూడదు. అన్నయ్యకు వచ్చిన ఫోటోలో రెండూ ఉన్నాయి.

రింగ్ లోపలి అద్దం మార్చారా అన్నది జిగురు చెబుతుంది. ఫ్యాక్టరీలో అద్దాన్ని కొలతకు కోసిన జిగురు పొరతో అంటిస్తారు, బయట ఏమీ కనబడదు. మా షాపుల్లో బి-7000 గమ్ వాడతాం. చెయ్యి జాగ్రత్తగా లేకపోతే అంచు వెంట మెరిసే సన్నటి గీత, ఒక్కోసారి దారంలాంటి పోగు మిగిలిపోతుంది. అద్దం కింద దుమ్ము రేణువు చిక్కుకుని ఉన్నా అది తెరిచి మూసినదే. ఒక్క అద్దం పగిలి మార్పించుకుని ఉంటే పెద్ద నష్టం లేదు, కాకపోతే నీటి నుంచి రక్షణ మునుపటిలా ఉందనుకోకూడదు.

అద్దం లోపల ఆవిరి మసక కనిపిస్తే మాత్రం ఆ బేరం వదిలేయండి. మన వైపు ఫోన్లు రొయ్యల చెరువుల్లో పడతాయి, వరద నీళ్లలో నానుతాయి. ఉప్పునీరు లోపల ఆరినా సర్క్యూట్ బోర్డు మీద తుప్పు పాకుతూనే ఉంటుంది. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చినప్పుడు పట్టే మసక పైన ఉంటుంది, తుడిస్తే పోతుంది. లోపలిది పోదు.

పూర్తి నకిలీ ఫోన్లలో కొన్ని కెమెరాలు ఉత్త బొమ్మవి ఉంటాయి. టార్చ్ వెలుగు పక్క నుంచి వేసి తీయమంటే అసలు లెన్స్‌లో ఆకుపచ్చ, ఊదా మెరుపులు ఒకదాని వెనక ఒకటి లోతుగా కనిపిస్తాయి. బొమ్మ లెన్స్‌లో నల్లటి బిళ్ల మీద ఒకే తెల్ల మెరుపు ఉంటుంది. పెద్ద కెమెరాతోనే పోల్చండి. తక్కువ ధర ఫోన్లలో అసలైన చిన్న కెమెరాలు కూడా వెలవెలబోతుంటాయి.

ఎదురుగా చూసినప్పుడు

ఇవన్నీ చెప్పాక కూడా అన్నయ్యకు మనసు ఒప్పక పాలకొల్లు వెళ్లాడు. అడ్వాన్స్ ఇవ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. అక్కడ *#06# నొక్కితే పెట్టె మీది నంబరుతో చివరి ఆరంకెలు కలవలేదు. సిమ్ ట్రే లాగి టార్చ్ వేసి చూడమన్నాను. ఆ ఫోన్‌లో నీటిని పట్టిచ్చే స్టిక్కర్ ఆ సందులోనే ఉంటుంది. తెల్లగా ఉండాల్సింది ఎర్రబారింది. అమ్మేవాడు 12,000 కి దిగాడు, అన్నయ్య దండం పెట్టి వచ్చేశాడు.

డబ్బు కట్టేశాక తెలిస్తే

ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయుంటే వెంటనే 1930 కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. బిల్లు ఇచ్చిన షాపులో కొని ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఫోన్ విప్పించకండి, స్క్రీన్ మార్పించకండి. అమ్మినవాళ్లు పంపిన ఫోటోలు, "విప్పి చూసి పెట్టేశాం" లాంటి మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచి, ఫోన్ చేతికి వచ్చిన రోజే అవే కోణాల్లో మీరూ ఫోటోలు తీసి పక్కన పెట్టండి.