ఆఫీసు రిపోర్టులో ముడిపడిపోయిన పేరాని మామూలు తెలుగులోకి ఎలా విప్పాలి?

మున్సిపాలిటీ రిపోర్టుల్లో ఉండే లాంటి పేరా ఒకటి ఉదాహరణ కోసం నేనే రాశాను, ముందు ఇది చదవండి:

"వార్డు పరిధిలోని తాగునీటి సరఫరా ప్రధాన పైపులైను లీకేజీ నివారణ మరమ్మతు పనుల నిర్వహణ నిమిత్తం నిధుల మంజూరు ప్రతిపాదనలు సమర్పించబడి, పరిపాలనా అనుమతి పొందబడినది. పనుల ప్రారంభంలో జాప్యం జరిగినందున నీటి సరఫరాకు అంతరాయం ఏర్పడి, ట్యాంకర్ల ద్వారా ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేయడం జరిగినది."

పేరా మొత్తంలో ఒక్క మనిషి కూడా లేడు. పంపిందెవరో, లేటు చేసిందెవరో, ట్యాంకర్లు తెప్పించిందెవరో ఏమీ తెలీదు, ఆ వార్డులో నీళ్లు రాక ఇబ్బందిపడ్డ వాళ్లకి కావాల్సింది సరిగ్గా అదే.

ముందు క్రియల సంగతి చూద్దాం. ఫైల్ ఓపెన్ చేసి Ctrl+F కొట్టి "బడ" అని వెతకండి, మళ్లీ "బడి" అని ఇంకోసారి వెతకండి. దిగుబడి, పెట్టుబడి, రాబడి, నిలబడి, బడ్జెట్ కూడా వచ్చేస్తాయి, వాటి జోలికి వెళ్లొద్దు. తర్వాత "డం జరిగి" అని, "డమైనది" అని కూడా వెతకండి, ఎందుకంటే "చేయబడినది" తీసేసి "చేయడం జరిగింది" అని పెడితే బాగుపడిందనుకుంటారు చాలామంది, కానీ చేసినవాడు అక్కడ కూడా కనిపించడు. దొరికిన ప్రతి చోటా పక్కన "ఎవరు?" అని రాసుకోండి.

ఇప్పుడు అసలు కష్టమైన పని. ఆ "ఎవరు?"కి జవాబు మీరు ఊహించి రాయకూడదు. కమిషనరే పంపి ఉంటాడులే అనుకుని రాసేస్తే పాత వాక్యం దాచింది, మీది అబద్ధం చెప్పింది, రెండోదే ఎక్కువ ప్రమాదం. ఫైల్లో నోట్ చూడండి, లేకపోతే రిపోర్ట్ రాసినాయన్నే అడగండి, "సార్, ఈ ప్రతిపాదన ఎవరు పంపారు, ఏ తేదీన?" అని. మన ఉదాహరణలో ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్, పంపారని, పని మొదలుపెట్టడంలో లేటు కాంట్రాక్టర్‌దని తేలిందనుకుందాం.

తర్వాత నామవాచకాల గొలుసు. తెలుగులో అసలు మాట చివర్లో ఉంటుంది కాబట్టి వెనక నుంచి విప్పుకుంటూ రండి. "లీకేజీ నివారణ మరమ్మతు పనుల నిర్వహణ" తీసుకోండి. నిర్వహణ దేన్ని? పనుల్ని. ఏం పనులు? మరమ్మతు. దేనికి? లీకేజీ ఆపడానికి. నివారణ, మరమ్మతు, పనులు, నిర్వహణ ఈ నాలుగూ కలిపి చెప్తున్నది ఒక్కటే పని, పైపు బాగుచేయడం. అలాగే "నిధుల మంజూరు ప్రతిపాదనలు సమర్పించబడి" అంటే డబ్బులు మంజూరు చేయమని అడిగారు, అంతే. అయితే అన్నిటినీ విప్పేయకండి. "పరిపాలనా అనుమతి" అనేది ఒక పేరు, "సాంకేతిక అనుమతి" వేరే ఉంటుంది, రెండిటినీ కలిపి "ఓకే చెప్పారు" అని రాస్తే ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్లకి ఏది వచ్చిందో అర్థం కాదు.

ఇక తిరగరాద్దాం, ఒక్కో పనికి ఒక్కో వాక్యం, జరిగిన వరసలో (తేదీలు, అంకెలు కూడా ఉదాహరణకే):

"3వ వార్డులో మెయిన్ పైపు లీకవుతోంది. బాగుచేయడానికి డబ్బులు మంజూరు చేయమని ఏఈ మార్చి 4న ప్రతిపాదన పంపారు. కమిషనర్ మార్చి 19న పరిపాలనా అనుమతి ఇచ్చారు. కాంట్రాక్టర్ ఏప్రిల్ 10 దాకా పని మొదలుపెట్టలేదు. ఈలోగా ఏప్రిల్ 2న పైపు పగిలింది, 12 వరకు వార్డుకి నీళ్లు రాలేదు. ఆ రోజుల్లో మున్సిపాలిటీ రోజుకి 4 ట్యాంకర్లు పంపింది."

పాతదాంట్లో "జాప్యం జరిగినందున అంతరాయం" అని ఒక ముక్కలో తేల్చేశారు, మధ్యలో పైపు పగిలిన సంగతే లేదు. క్రియలు బయటికొచ్చాక అది దాగలేదు, అడగాల్సి వచ్చింది.

"పైపు పగిలింది" అన్నచోట చేసినవాడు లేడు, అక్కడ అవసరం కూడా లేదు, ఎవరూ పగలగొట్టలేదు కదా. అలాగే చేసినవాడు ఎవరో తెలిసినా ముఖ్యం కానప్పుడు "రోడ్డు తవ్వారు", "మీటర్లు మార్చారు" అంటే చాలు, తెలుగులో కర్త లేకుండానే ఇది సాఫీగా నడుస్తుంది, దానికోసం "బడు" పట్టుకురానక్కర్లేదు. ప్రభుత్వ ఉత్తర్వులోంచో కాంట్రాక్టు అగ్రిమెంట్‌లోంచో తీసిన వాక్యాన్ని మాత్రం మార్చొద్దు, కొటేషన్‌లో ఉన్నదున్నట్టు ఉంచి కింద మీ మాటల్లో చెప్పండి.

చివరగా కొత్త పేరాని ఏఈకి, ఎవరి పేరో హోదానో కొత్తగా బయటికొచ్చిందో వాళ్లకి కూడా పంపి తేదీలు చూపించుకోండి. "నేను 4న పంపలేదు, 6న పంపాను" అని ఎవరైనా అంటే అప్పుడే సరిచేసుకోవచ్చు, "సమర్పించబడి" అని ఉన్నంతసేపు ఆ తప్పు ఎవరి కంటా పడదు.