ట్రాకింగ్‌లో Delivered అని ఉంది, పార్సెల్ చేతికి రాలేదు: సమస్య - పరిష్కారం

మంగళగిరి చీరలు కొరియర్‌లో పంపడం నా పని. నెలకు ఒకటి రెండుసార్లయినా ఎవరో ఒకరు ఫోన్ చేసి "డెలివరీ అయిందని మెసేజ్ వచ్చింది, నాకైతే ఏమీ రాలేదండీ" అంటారు. ట్రాకింగ్ మొత్తం తెరిచి చూశారా అంటే చాలామంది లేదనే చెప్తారు. వాళ్లు చూసేది చివరి లైను ఒక్కటే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసే ముందు కన్‌సైన్‌మెంట్ నంబరు కొట్టి, మొదటి స్కాన్ నుంచి చివరిదాకా చదవండి. డెలివరీ సమయం, బ్రాంచ్ పేరు, తీసుకున్నవారి పేరు ఉన్నచోట స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ పేజీలో వివరాలు తర్వాత మారడం నేను చూశాను.

తీసుకున్నవారి పేరు వేరేవాళ్లది

పార్సెల్ చాలావరకు వాచ్‌మన్ దగ్గరో, పక్కింట్లోనో, కింద కిరాణా కొట్టులోనో ఉంటుంది. ఇంట్లో అందరినీ అడిగాక అక్కడ అడగండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

SELF, అంటే మీరే తీసుకున్నారని ఉంది, మీకు ఫోనే రాలేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. పొద్దున డెలివరీకి బయల్దేరే పార్సెళ్లన్నిటికీ ఒక జాబితా ఉంటుంది, దాన్ని రన్ షీట్ అంటారు. ఆ రోజు ఇవ్వలేకపోయినవాటికి కారణం రాసి వెనక్కి అప్పజెప్పాలి. పెండింగ్ ఎక్కువైతే బ్రాంచ్‌కు చెడ్డపేరు కాబట్టి, కొన్నిచోట్ల రాత్రి అన్నిటికీ Delivered కొట్టి షీట్ మూసేస్తారు. పార్సెల్ మాత్రం సంచిలోనో, బ్రాంచ్ ర్యాక్‌లోనో ఉంటుంది.

విశాఖ మధురవాడకు పంపిన ఒక చీర విషయంలో ఇలాగే జరిగింది. ఉదయం 10:12కి డెలివరీకి బయల్దేరినట్టుంది. తర్వాత మధ్యలో ఏమీ లేదు. రాత్రి 8:47కి Delivered, తీసుకున్నవారు SELF. చీర అందుకోవాల్సిన ఆవిడ రోజంతా ఇంట్లోనే ఉన్నారు. ఫోన్ రాలేదు, ఓటీపీ రాలేదు. అదే వీధిలో ఇంకొకరికి పంపిన పార్సెల్ కూడా సరిగ్గా 8:47కే డెలివరీ అయినట్టు ఉంది. రెండిళ్లలో ఒకే నిమిషంలో ఎలా ఇస్తారు? అది షీట్ మూసిన సమయమని అప్పుడు అర్థమైంది.

ఇలాంటప్పుడు డెలివరీ అబ్బాయికి ఫోన్ చేస్తే "రేపు పొద్దున ఇచ్చేస్తాను మేడమ్" అంటాడు. నిజంగానే ఇవ్వొచ్చు. కానీ ఆ మాట నమ్మి ఫిర్యాదు ఆపకండి. అంతకుముందు ఒక పార్సెల్‌కు నేను అలాగే నాలుగు రోజులు ఆగాను. ఐదో రోజు ఫిర్యాదు చేస్తే గడువు దాటిందని మూసేశారు. 4,200 రూపాయల చీర పోయింది. డెలివరీ కొట్టేశాక ఫోన్ చేసి ఓటీపీ అడిగినా, పార్సెల్ చేతికి రాకుండా చెప్పకండి.

మధురవాడ కేసులో ఆ రాత్రే మెయిల్ పెట్టాను:

"కన్‌సైన్‌మెంట్ నంబరు ఇది. ఫలానా తేదీ రాత్రి 8:47కి డెలివరీ అయినట్టు చూపిస్తోంది. పార్సెల్ అందలేదు, ఫోన్ గానీ ఓటీపీ గానీ రాలేదు. సంతకం లేదా ఫొటో ఉన్న పీఓడీ, డెలివరీ చేసిన చోటు లొకేషన్, రన్ షీట్ నంబరు పంపండి. ఫిర్యాదు నంబరు ఇవ్వండి. స్క్రీన్‌షాట్ జత చేశాను."

"నా పార్సెల్ ఏమైంది" అని అడిగితే "డెలివర్డ్ అని ఉందండీ" అని జవాబిచ్చి ఊరుకుంటారు. పీఓడీ అంటే డెలివరీ రుజువు. అది అడిగితే బ్రాంచ్ ఏదో ఒకటి చూపించాలి. మాకు వచ్చిన పీఓడీలో సంతకం చోట అడ్డగీత ఒక్కటే ఉంది. ఆవిడ పాన్ కార్డు మీది సంతకం పక్కన పెట్టి మళ్లీ పంపాం. మర్నాడు పొద్దున ఎనిమిదికి, సంచులు బయటికి వెళ్లకముందే, ఆవిడ కొడుకు బ్రాంచ్‌కు వెళ్లాడు. పార్సెల్ ర్యాక్‌లోనే ఉంది. మీరూ ఆ వేళకే వెళ్లండి, మధ్యాహ్నం వెళ్తే కౌంటర్ దగ్గర ఒక్కరే ఉంటారు.

ఇంకో విషయం. డబ్బు కట్టి బుక్ చేసింది పంపినవాళ్లు కాబట్టి, అందుకోవాల్సినవాళ్ల ఫిర్యాదును కొన్ని కంపెనీలు తీసుకోవు. అందుకే అదే రోజు పంపినవాళ్లతోనూ, బుకింగ్ రసీదు జతచేసి, మెయిల్ పెట్టించండి. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువైతే ముందు అమ్మిన యాప్‌లోనే ఫిర్యాదు పెట్టాలి.

అరుదైనవి

లేబుళ్లు తారుమారవడం, అదే పేరున్న వేరేవాళ్లకు ఇచ్చేయడం ఎప్పుడో గానీ జరగవు. జరిగితే పీఓడీలోని ఫొటో, లొకేషన్ చూస్తే తెలిసిపోతుంది.

రాతపూర్వకంగా అడిగినా వారంలో జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు నంబరు, స్క్రీన్‌షాట్, వస్తువు విలువ చూపే బిల్లు దగ్గర పెట్టుకోండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. దానికి రెండేళ్ల గడువు ఉంటుంది.