‘పునః’ తర్వాతి అక్షరాన్ని చూడండి

బెంగళూరులో తెలుగు సంఘాల కరపత్రాల్లో ‘పునర్‌ప్రారంభం’ అని తరచూ కనిపిస్తుంది. సరైనది ‘పునఃప్రారంభం’. విసర్గ ఉంటుందా పోతుందా అన్నది దాని పక్కన వచ్చే అక్షరం మీద ఆధారపడుతుంది. ‘పునః’ పక్కన క, ఖ, ప, ఫ వస్తే విసర్గ అలాగే నిలుస్తుంది: పునఃపరిశీలన. అచ్చుగానీ గ, జ, ద, న, మ, వ లాంటివిగానీ వస్తే రేఫ అవుతుంది: పునరాలోచన, పునర్జన్మ, పునర్నిర్మాణం. చ వస్తే శ్ అవుతుంది: పునశ్చరణ. అంతఃపురం, అంతర్గతం కూడా ఇదే దారి.

‘దుఃఖం’లో ఖ ముందు విసర్గ నిలిచింది. దీన్నిచూసి ‘దుఃఫలితం’ అని రాయకండి. అక్కడ ష్ వస్తుంది, అది ‘దుష్ఫలితం’. దుస్, నిస్ ఉపసర్గలకు క, ప వర్ణాల ముందు ఇదే మామూలు. ‘దుఃఖం’ విడిగా గుర్తుంచుకోవాల్సిన మాట.

టైపు చేసేటప్పుడు కోలన్ పెట్టి ‘దు:ఖం’ అంటే కంటికి తేడా తెలియదు గానీ, వెతికితే ఆ మాట దొరకదు. కన్నడ కీబోర్డు విసర్గ, యూనికోడ్‌లో U+0C83, పడినా అంతే. తెలుగుది U+0C03, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్‌తో హైఫన్ మీట నొక్కాలి.