ఇరవై నిమిషాల ప్రెజెంటేషన్‌కి టైము లెక్క వేయడం ఎలా?

ఇరవై నిమిషాలు ఇచ్చారు కాబట్టి ఇరవై స్లైడ్లు చేసుకుని, నిమిషానికొకటి చొప్పున తిప్పేస్తే సరిపోతుందనే లెక్క చాలామంది నోట వినిపిస్తుంది. ఆ లెక్కతో వచ్చినవాళ్లు పదహారో స్లైడు దగ్గర ఉండగానే నిర్వాహకులు లేచి నిలబడతారు. మిగిలిన నాలుగు స్లైడ్లు “ఇది మీకు తెలిసిందే, ఇది కూడా తెలిసిందే” అంటూ పరిగెడతాయి. అసలు చెప్పాల్సిన ఫలితం ఉండేది ఆ నాలుగింట్లోనే.

ముందు ఇచ్చిన టైములోంచి తీసేయాల్సినవి తీసేసి, మిగిలినదాన్ని స్లైడ్ల బరువును బట్టి పంచాలి. ఆ పంపకం మీ సొంత మాట వేగంతో సరిపోతోందో లేదో చూసుకోవాలి. నిమిషానికి ఎన్ని స్లైడ్లన్నది ఈ లెక్క చివర దానంతటదే తేలుతుంది. దాంతో లెక్క మొదలుపెట్టకూడదు.

కావాల్సిన సామాను: స్లైడ్లు, రికార్డింగు చేసే ఫోను, సెకన్లు కనిపించే గడియారం, ఒక కాగితం.

1. ఇరవైలోంచి ఆరు తీసేయండి

మిమ్మల్ని పరిచయం చేయడానికి, కేబుల్ తగిలించి తెర మీద బొమ్మ వచ్చేవరకు ఆగడానికి ఒక నిమిషం పోతుంది. ప్రశ్నలకి నాలుగు నిమిషాలు. మధ్యలో ఏదో ఒకటి తేడా వస్తుంది కాబట్టి దానికో నిమిషం. మిగిలింది పద్నాలుగు నిమిషాలు, అంటే 840 సెకన్లు. ఇక మీ ప్రెజెంటేషన్ పద్నాలుగు నిమిషాలదే, ఇరవై అన్న అంకెను మర్చిపోండి.

ప్రశ్నలకి నాలుగు ఎందుకంటే, ఒకరు ప్రశ్న అడగడానికి అర నిమిషం, జవాబుకి నిమిషం పడుతుంది. అంటే నాలుగు నిమిషాల్లో రెండు ప్రశ్నలు తీరిగ్గా జరుగుతాయి, మూడోది చిన్నదైతే అదీ దూరుతుంది. రెండు నిమిషాలే ఉంచితే మొదటి ప్రశ్నతోనే సరి. ప్రశ్నల టైము ముందే విడిగా ఇస్తామని నిర్వాహకులు చెబితే ఈ నాలుగూ మీ మాటలకి కలుపుకోవచ్చు. చెప్పకపోతే ఇరవైలోనే ఉన్నట్టు అనుకోండి.

2. స్లైడ్లను బరువును బట్టి విడదీయండి

పేరు, బొమ్మ లాంటి తేలిక స్లైడుకి 20–30 సెకన్లు. రెండు మూడు అంశాలున్న మామూలు స్లైడుకి నిమిషం. గ్రాఫు, పట్టిక, బాణాలతో నిండిన పటం ఉన్న బరువు స్లైడుకి రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లోనూ ముగియని స్లైడుని రెండుగా విరవాలి.

పదమూడు స్లైడ్ల ప్రెజెంటేషన్ ఒకటి తీసుకుందాం. పేరు స్లైడుకి 20 సెకన్లు, రెండు బొమ్మ స్లైడ్లకి 30 చొప్పున 60, ఆరు మామూలు స్లైడ్లకి 360, మూడు గ్రాఫులకి 120 చొప్పున 360, ముగింపు స్లైడుకి 40. మొత్తం 840. సరిగ్గా అతికింది. అతకకపోతే సెకన్లను అక్కడా ఇక్కడా గిల్లి సర్దకండి, స్లైడే తీసేయండి. మామూలు స్లైడుకి 45 సెకన్లు చాలని మీకు మీరు చెప్పుకున్నంత మాత్రాన నోరు ఆ మాట వినదు.

3. మీ మాట వేగం కొలవండి

చాలామంది తప్పేది ఇక్కడే. కొందరు అసలు కొలవరు, కొలిచినవాళ్లలోనూ కొందరు తప్పు పద్ధతిలో కొలుస్తారు.

మొదటి పొరపాటు, ఇంగ్లీషు ఉపన్యాసాలకి చెప్పే “నిమిషానికి 130 పదాలు” అన్న అంకెను తెలుగుకి తగిలించడం. ఇంగ్లీషులో నాలుగైదు పదాలయ్యేది తెలుగులో ఒక్క పదంలో ఇమిడిపోతుంది. “చెప్పాల్సివచ్చినప్పుడు” అన్నది రాతలో ఒకటే పదం, పలకడానికి మాత్రం మూడు నాలుగు చిన్న పదాలంత సేపు పడుతుంది. అందుకే 130 లెక్కన రాసుకున్న తెలుగు ప్రసంగం ఎప్పుడూ సాగిపోతుంది. పైగా మీరు మధ్యలో ఎన్ని ఇంగ్లీషు మాటలు కలుపుతారన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. అరువు అంకెలు వద్దు.

రెండో పొరపాటు, రాసుకున్నది కూర్చుని చదువుతూ కొలవడం. చదువుతున్నప్పుడు తర్వాతి మాట కళ్లముందే ఉంటుంది కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేదు. మాట్లాడేటప్పుడు తర్వాతి మాట కోసం ఆగుతాం, తెర వైపు తిరుగుతాం, “అంటే ఏంటంటే” అని మళ్లీ ఎత్తుకుంటాం. ఆ ఆగడాలన్నీ టైములో భాగమే. ఇక పెదవులు కదపకుండా మనసులో చదివి వేసిన లెక్కకి అసలు విలువే లేదు.

సరైన పద్ధతి ఇది. లేచి నిలబడండి. స్లైడ్లు తెర మీద ఉండాలి, వాటిని మీరే తిప్పాలి. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి వినబడేంత గొంతుతో, కాగితం చూడకుండా, రెండు మామూలు స్లైడ్లు, ఒక గ్రాఫు స్లైడు వరసగా చెప్పండి. ఫోనులో రికార్డు చేయండి. తడబడితే ఆపి మళ్లీ మొదలుపెట్టకండి, ఆ తడబాటుతోనే ముందుకెళ్లండి. గొంతు కుదుటపడే దాకా వేగం నిలకడగా ఉండదు కాబట్టి మొదటి అర నిమిషం వదిలేయండి. తర్వాత మామూలు స్లైడు మీద ఒక నిమిషం, గ్రాఫు మీద ఒక నిమిషం విని, అన్నది అన్నట్టు కాగితం మీద రాసి పదాలు లెక్కపెట్టండి. విసుగు పుట్టించే పనే గానీ, దీనికి అడ్డదారి లేదు.

రెండు అంకెలు వస్తాయి, అవి ఒకటిగా ఉండవు. మామూలు స్లైడు మీద నిమిషానికి 95 పదాలు, గ్రాఫు మీద 70 వచ్చాయనుకుందాం. గ్రాఫు దగ్గర అడ్డగీత ఏమిటో, నిలువుగీత ఏమిటో చెప్పి, ఎర్ర గీతని చూపించి, వినేవాళ్ల కళ్లు అక్కడికి చేరేదాకా ఆగాలి. అలా ఆగనివాళ్ల గ్రాఫు ఎవరికీ అర్థం కాదు.

ఈ రెండు అంకెల్ని కలిపి ఒకే సగటు తీయకండి. మన ఉదాహరణలో మూడు గ్రాఫులకి రెండేసి నిమిషాలు ఇచ్చాం. 70 లెక్కన ఒక్కోదానికి 140 పదాలు, మూడింటికీ 420. అన్నిటికీ 95 అనే వేగమే అనుకున్నవాళ్లు ఒక్కో గ్రాఫుకి 190 చొప్పున 570 పదాలు రాసుకుంటారు. అదనంగా పడిన ఆ 150 పదాలు గ్రాఫు వేగంలో చెప్పేసరికి రెండు నిమిషాలు దాటుతుంది. తేడాల కోసం దాచిన నిమిషం పోయి, ప్రశ్నల టైములోనూ ఒక నిమిషం కరిగిపోతుంది. ఇంత జరిగినా, ఎక్కడ ఆలస్యమైందో చెప్పినవాళ్లకి తెలియదు. ఏ స్లైడూ విడిగా పొడుగనిపించదు మరి.

అందుకని ఒక్కో స్లైడు కింద నోట్సులో దాని పదాల పరిమితి రాసుకోండి. మామూలుదానికి 95, గ్రాఫుకి 140. నోట్సు అంతకు మించితే కోయండి. ప్రసంగం మొత్తం రాసుకుని బట్టీ పట్టమని కాదు, అసలు బట్టీ పట్టకూడదు. ఒక్క మాట మర్చిపోతే బట్టీ పట్టినదంతా ఆగిపోతుంది.

4. మొత్తం ఒకసారి, ఆపకుండా

పవర్‌పాయింట్ వాడితే `Slide Show` ట్యాబులో `Rehearse Timings` ఉంటుంది. ఒక్కో స్లైడు మీద ఎంతసేపు ఉన్నారో అదే నమోదు చేస్తుంది. చివర ఆ టైములు ఉంచమంటారా అని అడిగితే సరేనంటే, `Slide Sorter`లో ప్రతి స్లైడు కింద కనిపిస్తాయి. కాగితం మీద రాసుకోండి. రాసుకున్న వెంటనే అదే ట్యాబులో `Use Timings` మీద టిక్కు తీసేయండి. తీయకపోతే అసలు రోజున మీరు మాట్లాడుతుండగానే స్లైడ్లు వాటంతటవే తిరిగిపోతాయి. ఆ కంగారులో వెనక్కి తిప్పుకోవడంతోనే సరిపోతుంది.

మన ఉదాహరణలో 14:00కి బదులు 15:20 వచ్చిందనుకుందాం. 80 సెకన్లు ఎక్కువ. ఐదో స్లైడు గ్రాఫు దగ్గర 55, పదకొండో స్లైడు దగ్గర 25 అదనంగా పోయాయి. దీనికి మందు వేగంగా మాట్లాడటం కాదు. ఆ గ్రాఫులో ఐదు గీతలున్నాయి, చెప్పదలచుకున్నది రెండింటి గురించే. తెర మీద గీత ఉంటే దాని గురించి ఏదో ఒకటి చెప్పకుండా ఎవరూ ఉండలేరు. మిగతా మూడు గీతలూ తీసేస్తే 55 సెకన్లు వాటంతటవే పోతాయి. పదకొండో స్లైడులో రెండు ఉదాహరణలుంటే ఒకటి చాలు.

5. కాగితం మీద మూడు గుర్తులు

ప్రతి స్లైడుకీ గడియారం చూసుకుంటే మాట తెగిపోతుంది. మూడు చోట్ల చాలు. మన ప్రెజెంటేషన్‌లో గ్రాఫులు 5, 7, 10 స్లైడ్లు, బొమ్మలు 2, 9. ఆ లెక్కన ఐదో స్లైడు 2:50కి, ఎనిమిదోది 7:50కి, పదకొండోది 11:20కి తెరుచుకోవాలి. ఈ మూడు అంకెలూ పెద్దగా రాసి లాప్‌టాప్ పక్కన పెట్టండి. టైము మీరు నోరు తెరిచినప్పటినుంచి లెక్క. `Presenter View`లోని టైమరు స్లైడ్‌షో మొదలైనప్పుడే తిరగడం మొదలుపెడుతుంది, పరిచయం జరుగుతున్నంతసేపూ అదీ నడుస్తూనే ఉంటుంది. మాట మొదలుపెట్టే ముందు దాన్ని మళ్లీ సున్నాకి తెచ్చుకోండి.

ఆలస్యమైతే ఏ స్లైడు వదిలేయాలో కూడా ముందే నిర్ణయించుకుని అదే కాగితం మీద రాసి ఉంచండి. ఇక్కడ పన్నెండోది. మధ్యలో ఎవరో ప్రశ్న అడిగి, పదకొండో స్లైడు 12:45కి తెరుచుకుందనుకోండి. 85 సెకన్ల ఆలస్యం. దాచిన నిమిషం అందులో 60 మింగుతుంది, మిగతా 25 పన్నెండో స్లైడు వదిలేస్తే తీరిపోతుంది, ఇంకా అర నిమిషం మిగులుతుంది కూడా. పదకొండు అవగానే కీబోర్డు మీద 13 కొట్టి `Enter` నొక్కితే నేరుగా ముగింపు స్లైడు వస్తుంది. వదిలేసిన స్లైడు తెర మీద మెరవదు, కాబట్టి దానికి క్షమాపణ చెప్పుకోవాల్సిన పనీ లేదు.

ఎవరూ ఏమీ అడగకపోతే నాలుగు నిమిషాలూ వృథా అవుతాయని భయపడేవాళ్లు, ముగింపు స్లైడు తర్వాత పద్నాలుగోదిగా ఒక అదనపు గ్రాఫు పెట్టుకోవచ్చు. ఐదో స్లైడులోంచి తీసేసిన మూడు గీతలకీ చోటు అక్కడే. ఎవరైనా అడిగితే చూపించండి, అడగకపోతే ముట్టుకోకండి.