కూడలి లెక్కలో t కి సున్నా పెట్టేయకండి

ముందు బొమ్మ గీయండి. క దగ్గర విడిపోయి గ దగ్గర కలిసే రెండు దారులు, ఒకటి ఖ మీదుగా, ఒకటి ఘ మీదుగా. అన్నీ వన్‌వేలే. బయటి నుంచి గంటకు క లోకి 600 బళ్లు, ఘ లోకి 100 వస్తాయి. ఖ నుంచి 150, గ నుంచి 550 బయటికి పోతాయి. మొత్తం రాక 700, పోక 700. ఇవి సరిపోకపోతే అక్కడే ఆగండి. రాక సోమవారం, పోక మంగళవారం లెక్కపెట్టిన కాగితాలు నా దగ్గరికి చాలానే వచ్చాయి. వాటికి సాధనే ఉండదు.

కనుక్కోవాల్సింది ఒక్కో రోడ్డు మీద గంటకు ఎన్ని బళ్లు పోతున్నాయో: క–ఖ మీద x1, ఖ–గ మీద x2, ఘ–గ మీద x3, క–ఘ మీద x4 అనుకోండి. ఇప్పుడు ఒక్కో కూడలికి ఒక సమీకరణం. వచ్చేవి ఎడమ, పోయేవి కుడి, ఎప్పుడూ ఇంతే. అన్నీ ఒకే పక్కకు తెచ్చి రాసేవాళ్లే గుర్తులు తప్పేది.

```
క: 600 = x1 + x4
ఖ: x1 = x2 + 150
ఘ: x4 + 100 = x3
గ: x2 + x3 = 550
```

మొదటి మూడూ కలిపితే నాలుగోది దానంతటదే వస్తుంది. అంటే పనికొచ్చేవి మూడే, తెలియనివి నాలుగు. x2 = t అనుకుంటే:

```
x1 = t + 150
x3 = 550 - t
x4 = 450 - t
```

అందరూ పాడుచేసేది ఇక్కడే. t తెలియదు కదా అని సున్నా పెట్టేస్తారు. t = 0 అంటే ఖ–గ రోడ్డు మూసేశారని అర్థం! వన్‌వేలో బళ్లు వెనక్కి పోవు కాబట్టి ఏ విలువా సున్నాకంటే తగ్గకూడదు. x4 వల్ల t 450 దాటదు. కాబట్టి జవాబు ఒక అంకె కాదు, 0 నుంచి 450 దాకా ఒక పరిధి. ఘ–గ రోడ్డు మీద 100 బళ్లూ ఉండొచ్చు, 550 కూడా.

కంప్యూటర్‌కి ఇస్తే ఒకటే జవాబు వస్తుందనేవాళ్లున్నారు. numpy లో `lstsq` కి ఇస్తే t = 212.5 అంటుంది. x1 నుంచి x4 దాకా నాలుగింటి వర్గాల మొత్తం అతి తక్కువయ్యే జవాబును అది ఎంచుకుంటుంది, అంతే. డ్రైవర్లు వర్గాలు చూసి దారి పట్టరు.

t తేలాలంటే ఒక రోడ్డు పక్కన గంటసేపు నిలబడి లెక్కపెట్టాలి. ఇక్కడ నాలుగింటిలో ఏదైనా సరే. నేనైతే టీ బంకు ఉన్నదే చూసుకుంటాను. పెద్ద బొమ్మలో మాత్రం ఏదో ఒకటంటే కుదరదు. ఒక రోడ్డును పంచుకుంటూ రెండు చతురస్రాలు పక్కపక్కన ఉన్నాయనుకోండి: కూడళ్లు 6, రోడ్లు 7, పనికొచ్చే సమీకరణాలు 5. రెండు రోడ్లు లెక్కపెట్టాలి. ఆ రెండూ ఎడమ చతురస్రం బయటి అంచులోనే తీసుకుంటే కుడివైపు t అలాగే మిగిలిపోతుంది. లెక్కపెట్టిన రోడ్లను బొమ్మలో చెరిపేసి చూడండి. మిగిలిన గీతల్లో ఎక్కడైనా మూసుకున్న చుట్టు కనబడితే, గొడుగు పట్టుకుని మళ్లీ వెళ్లాల్సిందే.